సాధన లేదని నిరూపించడం ఎలా: కోళ్ల దాణా లెక్కతో డ్యూయల్ సర్టిఫికెట్

కోళ్ల దాణా కలిపే చోట పనిచేసే మిత్రుడొకడు ఒకసారి నా ముందు కాగితం పెట్టాడు. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు. ఈ మూడింటితోనే బ్రాయిలర్ పిల్లలకు దాణా కలపాలి. ప్రొటీన్ 22 శాతానికి తగ్గకూడదు, కిలో దాణాకు శక్తి 3000 కిలో కేలరీలకు తగ్గకూడదు. కంప్యూటర్‌లో ఎన్నిసార్లు వేసినా ‘సాధన లేదు’ అనే వస్తోంది. యజమాని మాత్రం ‘పాళ్లు మార్చి చూడు, ఎక్కడో కుదురుతుంది’ అంటున్నారట.

సాధన ఉందని నిరూపించాలంటే ఆ పాళ్లు చూపిస్తే సరిపోతుంది. లేదని నిరూపించడమే చిక్కు. వంద రకాల పాళ్లు వేసి చూపినా నూటొకటోది మిగిలే ఉంటుంది. కంప్యూటర్ చెప్పిందంటే, ‘నువ్వు అంకెలు తప్పుగా ఎక్కించావేమో’ అంటారు. ఆ అనుమానంలో న్యాయం కూడా ఉంది. అయితే సరళ అసమీకరణాల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. సాధన లేకపోతే, లేదని చూపే కొన్ని అంకెలు తప్పకుండా దొరుకుతాయి. వాటిని ఎవరైనా కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు. వాటిని వెతికి పట్టడం, తప్పు లేకుండా రాయడం, వాటి నుంచి పనికొచ్చే కబురు రాబట్టడం ఎలాగో ఈ దాణా లెక్కతోనే చూద్దాం.

షరతులన్నీ ఒకే దిక్కుకు తిప్పండి

కిలో మొక్కజొన్నలో 9 శాతం ప్రొటీన్, 3300 కిలో కేలరీల శక్తి ఉన్నాయనుకుందాం. సోయా చెక్కలో 45 శాతం, 2400. తవుడులో 14 శాతం, 2000. లెక్క కోసం గుండ్రంగా తీసుకున్న అంకెలివి. సరుకును బట్టి ఇవి మారతాయి, ఆ మార్పు ఏం చేస్తుందో తర్వాత చూద్దాం.

వంద కిలోల దాణాలో మొక్కజొన్న m కిలోలు, సోయా చెక్క s కిలోలు, తవుడు t కిలోలు అనుకోండి. షరతులివి:

```
9m + 45s + 14t         >= 2200      (ప్రొటీన్)
3300m + 2400s + 2000t  >= 300000    (శక్తి)
-m - s - t             >= -100      (మొత్తం బరువు)
m, s, t >= 0
```

మూడో వరుసను గమనించండి. మొత్తం బరువు 100 కిలోలకు మించకూడదన్న మాటను రెండు వైపులా మైనస్‌తో గుణించి, మిగతా వరుసల దిక్కుకే తిప్పాను. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ, ఈ పనిలో గుర్తుల తప్పులు తేలిగ్గా దొర్లుతాయి. ముందే అన్నీ ‘కంటే తక్కువ కాదు’ రూపంలోకి తెచ్చుకుంటే ఆ తర్వాత ఒక్క నియమం గుర్తుంటే చాలు: ఏ వరుసనూ రుణ సంఖ్యతో గుణించకూడదు.

అసలు షరతు ‘బరువు సరిగ్గా 100’ కదా, ‘మించకూడదు’ అని ఎందుకు రాశానంటే, సమీకరణం అంటే రెండు అసమీకరణాలు కలిసినట్టే. అందులో ఒక సగంతోనే వైరుధ్యం వచ్చేస్తే రెండో సగం అవసరం లేదు. మీరు సమీకరణాన్ని అలాగే ఉంచుకుంటే దానికి వేసే గుణకం ధనమైనా రుణమైనా ఫరవాలేదు.

సరుకులకు మార్కులు వేయండి

ఇప్పుడు పాళ్ల గురించి ఆలోచించడం మానేసి, సరుకులకు మార్కులు వేయడం మొదలుపెట్టండి. ఒక కిలో కేలరీకి ఒక మార్కు, ఒక శాతం ప్రొటీన్‌కు p మార్కులు ఇద్దాం. అప్పుడు కిలో మొక్కజొన్నకు 3300 + 9p మార్కులు, కిలో సోయా చెక్కకు 2400 + 45p, తవుడుకు 2000 + 14p. మనం కోరుకున్న దాణాకు కిలోకు కనీసం 3000 + 22p మార్కులు రావాలి.

కలిపిన దాణా మార్కు అందులోని సరుకుల మార్కుల సగటే. సగటు ఎప్పుడూ అన్నిటికన్నా పెద్ద అంకెను దాటదు. కాబట్టి కోరిన మార్కు ఏ సరుకు మార్కుకన్నా కూడా ఎక్కువగా ఉండేలా ఒక్క p దొరికితే పని అయిపోయినట్టే. ఇక్కడ వెతుకుతున్నది m, s, t కాదు, p. వెతుకులాట సరుకుల నుంచి షరతుల మీదికి మారింది. డ్యూయల్ అంటే ఇదే.

ఏ p మంచిది? ప్రొటీన్‌కు మరీ తక్కువ మార్కులిస్తే మొక్కజొన్న గెలుస్తుంది, మరీ ఎక్కువిస్తే సోయా చెక్క గెలుస్తుంది. రెండూ సమానమయ్యే చోట, కోరిన మార్కు వాటిలో పెద్దదాన్ని అన్నిటికన్నా ఎక్కువ తేడాతో దాటుతుంది. 3300 + 9p = 2400 + 45p అంటే 36p = 900, p = 25. అప్పుడు మొక్కజొన్నకు 3525, సోయా చెక్కకు కూడా 3525, తవుడుకు 2350. దాణాకు కావలసింది 3000 + 550, అంటే 3550. ఏ సరుకూ 3525 దాటడం లేదు, మనకు 3550 కావాలి. కుదరదు.

యజమానికి చెప్పవలసింది ఈ ఒక్క పేరాయే. కానీ మార్కుల మాట నచ్చని వాళ్ల కోసం దీన్ని అసమీకరణాల భాషలోనూ రాసిపెట్టుకోండి. ప్రొటీన్ వరుసను 25తో, శక్తి వరుసను 1తో, బరువు వరుసను 3525తో గుణించి కూడండి:

```
  225m + 1125s +  350t  >=   55000
 3300m + 2400s + 2000t  >=  300000
-3525m - 3525s - 3525t  >= -352500
----------------------------------
    0m +    0s - 1175t  >=    2500
```

t ఎప్పుడూ సున్నా లేదా అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఎడమ వైపు సున్నాను మించదు. కుడి వైపు 2500. సున్నాకు మించని సంఖ్య 2500కు తక్కువ కాకూడదట! షరతులన్నీ తీర్చే m, s, t ఉంటే ఈ అసంబద్ధాన్నీ ఒప్పుకోవలసి వస్తుంది. కాబట్టి అలాంటివి లేవు. (25, 1, 3525), ఈ మూడు అంకెలే సర్టిఫికెట్.

సరిచూడడానికి మూడే ప్రశ్నలు

ఎవరు ఇచ్చిన సర్టిఫికెట్ అయినా, అది ఎలా పుట్టిందో మీకు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడగండి. గుణకాల్లో రుణ సంఖ్యలు ఉన్నాయా? ఉండకూడదు. కూడాక ప్రతి చలరాశి ముందు మిగిలిన అంకె సున్నా లేదా అంతకన్నా తక్కువేనా? కుడి వైపు మొత్తం ధనమేనా? మూడింటికీ సరైన జవాబు వస్తే నిరూపణ పూర్తయింది.

రెండో ప్రశ్నలో ఒక మెలిక ఉంది. ‘సున్నా లేదా తక్కువ’ అన్న వెసులుబాటు, ఆ చలరాశి రుణం కాదని షరతు ఉన్నప్పుడే. రుణమైనా కాగల చలరాశి, ఉదాహరణకు నిల్వలో పెరుగుదల లేదా తరుగుదల, లెక్కలో ఉంటే దాని ముందు అంకె కచ్చితంగా సున్నా కావాలి. −1175 మిగిలిన చోట t రుణం కాగలిగితే పై నిరూపణ అక్కడే కూలిపోతుంది.

సాధన లేని ప్రతిసారీ ఇలాంటి గుణకాలు ఉండి తీరతాయన్న మాట గ్యూలా ఫార్కష్ అనే హంగేరియన్‌ది. అప్పట్లో కొలోజ్‌వార్ అనీ ఇప్పుడు రొమేనియాలో క్లూజ్ అనీ పిలిచే ఊరి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. యంత్రశాస్త్రంలో సమతాస్థితి గురించి ఫ్రెంచ్ గణితవేత్త ఫూరియే లేవదీసిన ప్రశ్నల దారిలో వెళ్తూ ఇది రుజువు చేశాడు. 1902లో అచ్చయిన ఆయన వ్యాసం వల్లే దీన్ని ఫార్కష్ లెమ్మా అంటాం. మన పనికి ఇది ఒక భరోసా. సర్టిఫికెట్ దొరకలేదంటే, వెతకడంలో లోపమైనా ఉండాలి, సాధన అయినా ఉండాలి. మూడో దారి లేదు.

సరుకులు పెరిగితే కంప్యూటర్‌తో

రెండు షరతులుంటే చేతితో తేలిపోతుంది. ఇరవై సరుకులు, ముప్ఫై షరతులు ఉంటే గుణకాలను కూడా కంప్యూటర్‌తోనే వెతకాలి. పైథాన్‌లో `scipy` ఉంటే ఇలా చేయవచ్చు:

```python
import numpy as np
from scipy.optimize import linprog

A = np.array([[9, 45, 14],
              [3300, 2400, 2000],
              [-1, -1, -1]])
b = np.array([2200, 300000, -100])

r = linprog(-b, A_ub=A.T, b_ub=np.zeros(3),
            A_eq=np.ones((1, 3)), b_eq=[1])
print(r.x, -r.fun)
```

ఇక్కడ వెతుకుతున్నది గుణకాలనే. గుణకాలు రుణం కాకూడదన్నది `linprog` తనంతట తానే పాటిస్తుంది. `A_ub=A.T` అన్నది ‘కూడాక ఏ నిలువు వరుసలోనూ ధనం మిగలకూడదు’ అన్న షరతు. కుడి వైపు మొత్తాన్ని వీలైనంత పెంచమంటున్నాం. `linprog` కు తగ్గించడం మాత్రమే తెలుసు కాబట్టి `-b` ఇచ్చాం. `A_eq`, `b_eq` లతో పెట్టిన, గుణకాల మొత్తం 1 కావాలన్న షరతు లేకపోతే, ఒక సర్టిఫికెట్ దొరకగానే దాన్ని రెట్టింపు, పదింతలు చేసుకుంటూ అనంతానికి పోతుంది. ఈ కట్టడి మర్చిపోతే ‘అవధి లేదు’ అన్న సందేశం వస్తుంది.

జవాబుగా సుమారు 0.00704, 0.00028, 0.99268 వస్తాయి. కుడి వైపు మొత్తం సుమారు 0.704, ధనం. అన్నిటినీ రెండో అంకెతో భాగిస్తే 25, 1, 3525 దగ్గరికి వస్తాయి. మొత్తం ధనం కాకుండా సున్నా గానీ రుణం గానీ వస్తే, అసలు షరతులకు సాధన ఉందని అర్థం.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, 0.00028 మరీ చిన్నది. ఇలాంటి ప్రోగ్రాములు పదిలక్షో వంతుకు అటూ ఇటూ తేడాను పట్టించుకోవు. శక్తిని కిలో కేలరీల్లో కాక వేల కిలో కేలరీల్లో రాసి ఉంటే వరుసలన్నీ ఒకే స్థాయి అంకెలతో ఉండేవి. పెద్ద లెక్కల్లో ఈ జాగ్రత్త తీసుకోకపోతే, ప్రోగ్రామ్ సున్నాగా చెప్పిన గుణకం నిజంగా సున్నాయో, కనిపించనంత చిన్నదో తెలియదు.

రెండోది ఇంకా ముఖ్యం. దశాంశాల్లో వచ్చింది నిరూపణ కాదు, నిరూపణకు ఆనవాలు మాత్రమే. కూడాక 0 రావలసిన చోట 0.0000003 మిగిలితే అది సున్నాకు మించిందే కదా! అందుకని గుణకాలను పూర్ణాంకాలుగానో భిన్నాలుగానో సవరించుకుని మళ్లీ కచ్చితమైన లెక్క వేయండి:

```python
y = [25, 1, 3525]
A = [[9, 45, 14], [3300, 2400, 2000], [-1, -1, -1]]
b = [2200, 300000, -100]
print([sum(y[i]*A[i][j] for i in range(3)) for j in range(3)])
print(sum(y[i]*b[i] for i in range(3)))
```

`[0, 0, -1175]`, `2500` వస్తాయి. ఇక్కడ అన్నీ పూర్ణాంకాలే కాబట్టి గుండ్రం చేయడం వల్ల వచ్చే దోషం లేదు.

సవరించినప్పుడు షరతు కొద్దిగా తప్పిందనుకోండి, కంగారు పడనక్కర్లేదు. p ని 25 బదులు 24.9 అని గుండ్రం చేశారనుకుందాం. బరువు వరుస గుణకాన్ని పాతదే ఉంచకుండా కొత్తగా వేయండి: ఇప్పుడు సరుకుల్లో అత్యధిక మార్కు ఎంత? మొక్కజొన్నకు 3524.1, సోయా చెక్కకు 3520.5. పెద్దది 3524.1, అదే కొత్త గుణకం. కావలసిన మార్కు 3547.8. ఇంకా పైనే ఉంది, సర్టిఫికెట్ చెల్లుతుంది. నిజానికి ఇక్కడ p 23.08కీ 26.08కీ మధ్య ఎక్కడున్నా చెల్లుతుంది. సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుందన్నది చాలామందికి ఉన్న అపోహ. చలరాశులన్నిటికీ పైహద్దు విధించే షరతు ఏదో ఒకటి ఉన్న లెక్కల్లో, గుండ్రం చేసినప్పుడు మిగిలిన చిల్లరను ఆ వరుస మీదికి నెట్టేయవచ్చు. సాధారణంగా ఇదే తేలికైన మరమ్మతు.

పెద్ద సంస్థల్లో ఇలాంటి లెక్కలకు వాడే ప్రోగ్రాములు, అంటే సాల్వర్లు, ఈ గుణకాలను నేరుగా ఇస్తాయి. గురోబీ అనే సాల్వర్‌లో ముందే `InfUnbdInfo` ను 1 చేసి, లెక్క సాధ్యం కాదని తేలాక `FarkasDual` చదవవచ్చు. గుర్తుల పద్ధతి మాత్రం ఒక్కో సాల్వర్‌లో ఒక్కోలా ఉంటుంది. ‘తక్కువ కాదు’ వరుసలకు రుణ గుణకాలు వస్తే భయపడకుండా, అన్నీ −1తో గుణించి పై మూడు ప్రశ్నలు అడగండి. కొన్నిసార్లు సాధన లేదన్న సంగతి సాల్వర్ ముందస్తు సవరణల దశలోనే పసిగట్టేసి, గుణకాలేమీ ఇవ్వకుండా ఆగిపోతుంది. అప్పుడు ఆ దశను ఆపి మళ్లీ నడపాలి. అదీ కుదరకపోతే పైన రాసిన చిన్న ప్రోగ్రామ్ ఎక్కడైనా పనిచేస్తుంది.

సున్నాలను, మార్కులను చదవండి

మా మిత్రుడి కాగితంలో అసలు నాలుగో షరతు కూడా ఉంది: వంద కిలోల దాణా ఖర్చు ఫలానా మొత్తానికి మించకూడదు. పనిచోట గొడవంతా దాని చుట్టూనే జరిగింది, బడ్జెట్ పెంచితే కుదురుతుందని అందరి నమ్మకం. సర్టిఫికెట్‌లో ఖర్చు వరుసకు గుణకం సున్నా. అంటే ఆ షరతును కొట్టేసినా పై కూడిక చెక్కుచెదరదు. ఇవే మూడు సరుకులతో ఎంత డబ్బు పోసినా ఆ దాణా తయారు కాదు. గుణకం సున్నా ఉన్న వరుసల గురించి వాదించడం దండగ. సున్నా కాని వరుసల్లో కనీసం ఒకదాన్ని సడలించకపోతే దారి లేదు.

మరి ఏ సరుకు తెస్తే దారి దొరుకుతుంది? మార్కులు మళ్లీ చూడండి. 3525 దాటని కొత్త సరుకు ఎంత చవకైనా ఉపయోగం లేదు, అదే సర్టిఫికెట్ దాన్నీ కలుపుకుని కుదరదని చెబుతుంది. నూనెలో ప్రొటీన్ లేదు, శక్తి కిలోకు 8800 అనుకుంటే మార్కు 8800. అది దాటింది. వందకు ఎంత కావాలి? కిలోకు 25 మార్కుల కొరత ఉంది. మిగతా సరుకు స్థానంలో కిలో నూనె పోస్తే 8800 − 3525, అంటే 5275 మార్కులు పెరుగుతాయి. వంద కిలోలకు కొరత 2500. దాన్ని 5275తో భాగిస్తే 0.474. అర కిలోకు కాస్త తక్కువ. మార్కులు చెప్పేది కనీసం ఇంత కావాలని మాత్రమే. ఆ నూనెతో నిజంగా కుదురుతుందా అన్నది పాళ్లు వేసి చూసుకోవాలి. మొక్కజొన్న సుమారు 63.3, సోయా చెక్క 36.2, నూనె 0.474 కిలోలతో రెండు షరతులూ సరిగ్గా అంచున తీరతాయి.

అర కిలో నూనె చాలంటే అనుభవమున్న వాళ్లు నవ్వుతారు. ఎందుకంటే దాణాలో సున్నం, ఉప్పు, విటమిన్ల పొడి వంటివి కూడా పడతాయి. వాటికి ప్రొటీన్, శక్తి మార్కులు దాదాపు సున్నా. అవి వందకు 4 కిలోలు అనుకోండి. మిగిలిన 96 కిలోలకు 3525 చొప్పున 338400 మార్కులే వస్తాయి. కావలసినవి 355000. కొరత 16600, అంటే నూనె కనీసం 3.15 కిలోలు. సర్టిఫికెట్ పాతదే, మారినది కుడి వైపు అంకె మాత్రమే.

ఎక్కడ చెల్లదు

సర్టిఫికెట్ మీరు రాసిన అంకెల గురించి చెబుతుంది, గోదాములోని సరుకు గురించి కాదు. మొదటి లెక్కలో మొక్కజొన్న శక్తి 3300 కాక 3350 అని తేలితే? మార్కు 3575 అవుతుంది, 3550ను దాటిపోతుంది. పాత గుణకాలు చెల్లవు. అయినంత మాత్రాన సాధన ఉన్నట్టు కాదు, వేరే p పనిచేయవచ్చు. ఇక్కడ మాత్రం నిజంగానే సాధన పుడుతుంది: 63.5 కిలోల మొక్కజొన్న, 36.5 కిలోల సోయా చెక్క కలిపితే ప్రొటీన్ 22.14 శాతం, శక్తి కిలోకు 3003.25. యాభై కిలో కేలరీల తేడాకు ‘కుదరదు’ కాస్తా ‘కుదిరింది’ అయింది. కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఎంత తేడాతో గెలిచిందో కూడా రాయండి. 3550కి 25 మార్కుల తేడా అంటే ఒక శాతం కూడా కాదు, సరుకు పరీక్షలో వచ్చే హెచ్చుతగ్గులే దాన్ని మింగేస్తాయి. నాలుగు కిలోల సున్నం, ఉప్పు కలిపిన లెక్కలో తేడా 166 మార్కులు. అక్కడ 3350 మొక్కజొన్న వచ్చినా తీర్పు మారదు, ప్రొటీన్ కోసం సోయా చెక్క 37.1 కిలోలకు తగ్గకూడదు, శక్తి కోసం 22.7 కిలోలు మించకూడదు.

ఇంకో హద్దు పూర్ణాంకాలు. ఈ పద్ధతంతా సరుకును ఎంత చిన్న పాళ్లుగానైనా విడదీయవచ్చన్న భావన మీద నిలబడింది. ‘50 కిలోల బస్తాలు విప్పకుండానే వేయాలి’ అన్న షరతు చేరిందనుకోండి. వంద కిలోల దాణాకు రెండే బస్తాలు పడతాయి. 63.5, 36.5 పాళ్లు కాగితం మీద కుదిరినా బస్తాల్లో కుదరవు. ఒకటి మొక్కజొన్న, ఒకటి సోయా చెక్క వేస్తే శక్తి 2875 దగ్గర ఆగిపోతుంది. రెండూ మొక్కజొన్నే అయితే ప్రొటీన్ 9 శాతం, రెండూ సోయా చెక్కే అయితే శక్తి 2400. తవుడు బస్తా కలిసిన జతలూ గట్టెక్కవు. సాధన లేదు, కానీ గుణకాలు ఎంత వెతికినా దొరకవు, ఎందుకంటే పాళ్లను విడదీయగలిగితే సాధన ఉంది. అలాంటి చోట సందర్భాలను విడగొట్టాలి: మొక్కజొన్న బస్తాలు 1కి మించకపోతే ఒక సర్టిఫికెట్, 2కు తగ్గకపోతే మరొకటి. రెండో సందర్భంలో 100 కిలోలూ మొక్కజొన్నే కాబట్టి ప్రొటీన్ 900 దాటదు, 2200 కావాలి. మొదటి సందర్భంలో మొక్కజొన్న 50 కిలోలకు మించదు, మిగతా 50 కిలోలకు శక్తి కిలోకు 2400 దాటదు. మొత్తం 287500, కావలసింది 300000.